వర్డ్‌లో చేసిన ఈ-పుస్తకం స్క్రీన్ రీడర్‌తో చదివేవాళ్లకి సరిగ్గా అందాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

శారద_ప్రచురణ

అందరికీ నమస్కారం. రాత్రిపూట ఆకాశాన్ని గుర్తుపట్టడం నేర్పే పుస్తకం ఒకటి ఈబుక్‌గా తెస్తున్నాం. 12 అధ్యాయాలు, ఒక్కో అధ్యాయంలో నాలుగైదు ఉపశీర్షికలు. నక్షత్రపటాలు, ఫోటోలు, అలంకారం కోసం పెట్టిన చిన్న బొమ్మలు అన్నీ కలిపి నలభై దాకా ఉంటాయి. వర్డ్‌లో కూర్చి, కాలిబర్ అనే ప్రోగ్రాంతో ఈపబ్‌గా మార్చాం.

విడుదలకు ముందు చూపులేని ఒక పాఠకుడికి నమూనా పంపాను. ఆయన రాసిన మాటలివి: "విషయసూచిక నుంచి అధ్యాయానికి వెళ్లగలుగుతున్నాను. లోపలికి వెళ్లాక మాత్రం ఎటూ దూకలేకపోతున్నాను. మొదటి నుంచీ వినుకుంటూ పోవాల్సిందే. బొమ్మ వచ్చిన ప్రతిచోటా ఏదో ఫైల్ పేరు చదువుతోంది."

కళ్లకి చూస్తే శీర్షికలన్నీ పెద్ద అక్షరాల్లో, బోల్డ్‌లో చక్కగా ఉన్నాయి. మరి ఆయనకి ఎందుకు దొరకడం లేదు? పుస్తకం మొత్తం మళ్లీ కూర్చాలా?

రమణ_డీటీపీ

శారద గారూ, మళ్లీ కూర్చక్కర్లేదు, టెన్షన్ పడకండి. కాలిబర్‌లో విషయసూచికని మనకి నచ్చినట్టు తయారు చేసుకోవచ్చు. ఎడిట్ బుక్ తెరిచి, అందులో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ ఎడిటర్‌కి వెళ్లి, ఉపశీర్షిక ఉన్న ప్రతి చోటునీ చూపించి ఒక్కో ఎంట్రీ చేర్చండి. యాభై అరవై ఎంట్రీలు వస్తాయి, ఒక పూట పని. అప్పుడు ఆయన సూచిక నుంచే ఏ ఉపశీర్షికకైనా వెళ్లిపోవచ్చు. బొమ్మలకి ఆల్ట్ టెక్స్ట్ దగ్గర, అంటే బొమ్మ బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ దగ్గర, "చిత్రం 1", "చిత్రం 2" అని ఇస్తే ఫైల్ పేరు చదవడం ఆగిపోతుంది.

వేణు_వినికిడి

రమణ గారు చెప్పిన సూచిక పద్ధతి పనిచేస్తుంది, కానీ సగమే. నేను ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో, థోరియం రీడర్ అనే ఈబుక్ ప్రోగ్రాంలో చదువుతాను కాబట్టి నా వైపు నుంచి చెబుతాను.

అధ్యాయం తెరిచాక నేను మొదట చేసే పని `H` నొక్కడం. తర్వాతి శీర్షిక ఎక్కడుంటే అక్కడికి వెళ్తుంది, "హెడింగ్ లెవెల్ 2" అని చెప్పి పేరు చదువుతుంది. `Shift+H` నొక్కితే వెనక్కి. `2` నొక్కితే రెండో స్థాయి శీర్షికల మీదుగానే నడుస్తుంది. ఇలా నాలుగు సార్లు నొక్కేసరికి అధ్యాయంలో ఏమేం ఉందో నాకు తెలిసిపోతుంది. మీరు పేజీ మీద కళ్లు పరిగెత్తించి చేసే పనే ఇది. పెద్ద అక్షరాలు, బోల్డ్, రంగు, ఇవేవీ నా దాకా రావు. ఫైల్ లోపల అది శీర్షిక అని రాసి ఉంటేనే `H` దాన్ని పట్టుకుంటుంది.

సూచికలో మాత్రమే ఎంట్రీ ఉంటే ఏమవుతుందంటే, నేను ప్రతిసారీ అధ్యాయం వదిలి, సూచిక తెరిచి, నా చోటు వెతుక్కుని, మళ్లీ లోపలికి రావాలి. వచ్చాక కూడా ఎక్కడ దిగానో శీర్షికగా వినిపించదు, మామూలు పేరాలాగే వినిపిస్తుంది. అది శీర్షికా, వాక్యమా అని ఆగి ఊహించుకోవాలి.

ఇంకో మాట. చాలా రీడర్లలో `H` ఆ అధ్యాయం ఫైల్ లోపలే తిరుగుతుంది, అధ్యాయం దాటదు. అందుకే రెండూ కావాలి: అధ్యాయం నుంచి అధ్యాయానికి సూచిక, అధ్యాయం లోపల శీర్షికలు.

"చిత్రం 1" సంగతి. ఫైల్ పేరు వినడానికీ దానికీ నాకు తేడా లేదు. రెండూ అక్కడ బొమ్మ ఉందనే చెబుతున్నాయి. ఆ బొమ్మ ఏం చెబుతోందో రెండూ చెప్పడం లేదు.

మాధవి_ఈపబ్

వేణు గారు చెప్పింది ఫైల్ లోపల ఎలా కనిపిస్తుందో చూపిస్తాను. శారద గారి ఈపబ్‌ని సిగిల్ అనే ఈపబ్ ఎడిటర్‌లో గానీ కాలిబర్ ఎడిటర్‌లో గానీ తెరిస్తే ఉపశీర్షిక దగ్గర ఇలాంటిది ఉంటుంది:

```
<p class="block_12"><b class="calibre3">సిరియస్‌ను పట్టుకోవడం</b></p>
```

ఉండాల్సింది ఇది:

```
<h2 class="block_12">సిరియస్‌ను పట్టుకోవడం</h2>
```

తెర మీద రెండూ ఒకేలా కనబడతాయి. స్క్రీన్ రీడర్‌కి మొదటిది పేరా, రెండోది శీర్షిక.

ఈపబ్‌లో ఒక్కొక్కటీ మార్చకండి, వర్డ్‌లోనే మార్చండి. రేపు ఒక అక్షరదోషం దిద్ది మళ్లీ కన్వర్ట్ చేస్తే ఈపబ్‌లో చేసిన పనంతా పోతుంది. వర్డ్‌లో ఒక ఉపశీర్షిక మీద కర్సర్ పెట్టి, హోమ్ ట్యాబ్ చివర ఉన్న సెలెక్ట్ మెనూలో "సెలెక్ట్ టెక్స్ట్ విత్ సిమిలర్ ఫార్మాటింగ్" నొక్కండి. అదే సైజు, అదే బోల్డ్ ఉన్నవన్నీ ఒకేసారి ఎంపికవుతాయి. అప్పుడు `Ctrl+Alt+2` కొడితే అన్నీ హెడింగ్ 2 అయిపోతాయి. అధ్యాయాల పేర్లకి అదే పద్ధతిలో `Ctrl+Alt+1`. అక్షరాల రూపు మారిపోతే కంగారు వద్దు, హెడింగ్ స్టైల్‌ని ఒక్కసారి మాడిఫై చేసి మీ ఫాంట్, మీ సైజు పెట్టుకుంటే అన్నిచోట్లా సర్దుకుంటుంది.

ఎంపికలో అనుకోనివి కూడా దొరుకుతాయి, ముఖ్యంగా పేరా మధ్యలో ఒత్తి చెప్పడానికి బోల్డ్ చేసిన మాటలు. వాటికి స్టైల్ తగిలితే ఆ పేరా మొత్తం శీర్షికైపోయే ప్రమాదం ఉంది. కాబట్టి అయిపోయాక వ్యూ ట్యాబ్‌లో నావిగేషన్ పేన్ తెరిచి పైనుంచి కిందికి చదవండి. అక్కడ కనిపించే జాబితానే వేణు గారికి వినిపించబోయేది.

కాలిబర్‌లో మూడు సెట్టింగులు చూసుకోండి. ఈపబ్ అవుట్‌పుట్‌లో వెర్షన్ 3 ఎంచుకోండి, మార్చకపోతే 2 వస్తుంది. స్ట్రక్చర్ డిటెక్షన్‌లో పేజీ బ్రేకులు మామూలుగా `h1`, `h2` రెండింటి ముందూ పడతాయి. అలా వదిలేస్తే ప్రతి ఉపశీర్షికా కొత్త పేజీలో మొదలై అధ్యాయం ముక్కలవుతుంది, వేణు గారి `H` ఒక ముక్కలోనే చిక్కుకుంటుంది. అక్కడ ఇది ఒక్కటే ఉంచండి:

```
//h:h1
```

టేబుల్ ఆఫ్ కంటెంట్స్ పేజీలో మొదటి స్థాయికి ఇదే, రెండో స్థాయికి `//h:h2` ఇవ్వండి. సూచిక దానంతటదే తయారవుతుంది. రమణ గారు చెప్పినట్టు చేత్తో ఎంట్రీలు కూర్చే పని తప్పుతుంది.

గోపాల్_శ్రవ్యం

చూపులేనివాళ్ల కోసమే అయితే ఇదంతా దేనికండీ? మంచి గొంతున్నవాళ్లతో చదివించి ఆడియో పుస్తకం చేసేయండి. వినేవాళ్లకి హాయిగా ఉంటుంది. నేను రెండు పుస్తకాలు అలా చదివాను, మైకూ గదీ సర్దుకుంటే కష్టమేమీ లేదు.

వేణు_వినికిడి

గోపాల్ గారూ, ఆడియో పుస్తకాలు నేనూ వింటాను. కానీ ఈ పుస్తకం అవసరం వేరు. నాకు అల్డెబరాన్ అనే పేరు ఎలా రాస్తారో అక్షరం అక్షరం వినాలనిపిస్తుంది. ఒక మాట వెతికి ఆ పేరాకి నేరుగా వెళ్లాలి. పక్కన పిల్లలు ఆకాశం చూస్తూ ఉంటే నేను వాళ్లకి దారి చెబుతూ, చెప్పిన వాక్యానికే మళ్లీ మళ్లీ తిరిగి రావాలి. నాకు తెలిసినవాళ్లలో బ్రెయిలీ డిస్‌ప్లే మీద వేళ్లతో చదివేవాళ్లున్నారు, వాళ్లకి రికార్డింగ్ ఎందుకూ పనికిరాదు. పైగా బొమ్మలో ఏముందో ఎవరో ఒకరు రాయకపోతే మీరు మైకు ముందు కూర్చున్నా చదవడానికి ఏముంటుంది?

శారద_ప్రచురణ

మాధవి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. శీర్షికలన్నీ దొరికాయి, కాలిబర్ సూచిక కూడా తనే కట్టింది. కానీ సూచికలో కొన్ని వింతలు కనబడుతున్నాయి.

ఒకటి, ప్రతి అధ్యాయం రెండుసార్లు వస్తోంది: "మూడో అధ్యాయం" అని ఒక ఎంట్రీ, దాని కింద "శీతాకాలపు ఆకాశం" అని ఇంకో ఎంట్రీ. రెండు, ముందుమాట శీర్షికని అందం కోసం "ముం దు మా ట" అని ఎడంగా పెట్టాం, సూచికలోనూ అలాగే పడింది. ఇంకోటి, భాగాల మధ్య చుక్కల్లా మూడు నక్షత్రపు గుర్తులు పెట్టాం, ఆయనకి అవి "స్టార్ స్టార్ స్టార్" అని వినిపిస్తున్నాయట.

మాధవి_ఈపబ్

మొదటిది ఎందుకంటే, "మూడో అధ్యాయం" తర్వాత ఎంటర్ కొట్టారు. వర్డ్‌కి అవి రెండు పేరాలు, కాబట్టి రెండు హెడింగులు. రెండూ ఒకే పేరాలో ఉండాలి. ఎంటర్ తీసేసి `Shift+Enter` పెట్టండి, లైను మారుతుంది కానీ పేరా ఒక్కటే ఉంటుంది. లైను మార్చే ముందు "అధ్యాయం" తర్వాత ఒక కోలన్, ఒక ఖాళీ పెట్టడం మంచిది. లేకపోతే కొన్నిసార్లు సూచికలో "అధ్యాయంశీతాకాలపు" అని రెండు మాటలూ అతుక్కుపోతాయి.

ఎడంగా పెట్టిన అక్షరాల మధ్య నిజమైన ఖాళీలున్నాయి, అందుకే స్క్రీన్ రీడర్‌కి అది నాలుగు వేరు వేరు మాటలు. వెతుకులాటలో "ముందుమాట" అని కొట్టినా దొరకదు. ఖాళీలు తీసేయండి. ఎడం కావాలంటే ఫాంట్ సెట్టింగ్‌లో స్పేసింగ్ పెంచండి, అక్షరాలు మాత్రం కలిసే ఉంటాయి.

చుక్కల సంగతి: ఈపబ్‌లో ఆ పేరాని `<hr/>`తో మార్చేస్తే సరిపోతుంది. స్క్రీన్ రీడర్ దాన్ని విభజన గీతగా ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతుంది. సిగిల్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్ని ఫైళ్లలోనూ ఒకేసారి మారుతుంది. ఇది మాత్రం ఈపబ్‌లో ఆఖరున చేయాల్సిన పని, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, మళ్లీ కన్వర్ట్ చేసినప్పుడు మళ్లీ చేయాలి.

శారద_ప్రచురణ

మూడూ సర్దాను. ఇప్పుడు బొమ్మల దగ్గరికి వచ్చాను, అసలు కష్టం ఇక్కడే ఉంది. మూడో అధ్యాయంలోని ఓరియన్ పటం తీసుకుందాం. ఉత్తరం పైకి ఉండేలా గీసిన పటం. నేను రాసిన వివరణ ఇది:

"నల్లని నేపథ్యంలో ఓరియన్ నక్షత్రమండలం యొక్క అందమైన చిత్రం. ఇందులో చాలా నక్షత్రాలు, వాటిని కలుపుతూ తెల్లని గీతలు, పసుపు రంగు బాణాలు ఉన్నాయి."

ఇది సరిపోతుందా?

వేణు_వినికిడి

శారద గారూ, శ్రద్ధగా రాశారు, కానీ విన్న తర్వాత ఆకాశం గురించి నాకు కొత్తగా ఏమీ తెలియలేదు. బాణాలున్నాయన్నారు. అవి ఎక్కడి నుంచి ఎక్కడికి? పుస్తకంలో ఆ బొమ్మ పెట్టింది ఆ బాణాల కోసమే కదా? "చిత్రం" అనే మాట అక్కర్లేదు, అది గ్రాఫిక్ అని స్క్రీన్ రీడరే ముందు చెబుతుంది. నల్లని నేపథ్యం కూడా వద్దు, రాత్రి ఆకాశం అని పుస్తకం మొత్తం చెబుతూనే ఉంది.

మాధవి_ఈపబ్

బొమ్మకి ముందూ వెనకా ఉన్న పేరాలు కూడా పెడతారా? అవి చూడకుండా వివరణ రాయలేం. అదే ఓరియన్ పటం పురాణకథల పుస్తకంలో ఉంటే వేటగాడి ఆకారం గురించి రాయాలి. ఇక్కడ ఇంకేదో కావాలి.

శారద_ప్రచురణ

ముందు పేరా: "ఓరియన్ నడుముపట్టీలోని మూడు నక్షత్రాలు గుర్తుపడితే చాలు, వాటి సాయంతో మరో రెండు ప్రకాశవంతమైన నక్షత్రాలను పట్టుకోవచ్చు. కింది పటం చూడండి." తర్వాత పేరాలో సిరియస్ ఎంత ప్రకాశంగా ఉంటుందో చెప్పాం.

మాధవి_ఈపబ్

అయితే చూడండి, "కింది పటం చూడండి" అని చెప్పి దారి మొత్తం పటానికే అప్పగించారు. ఏ వైపుకి ఏ నక్షత్రం అనేది మాటల్లో ఎక్కడా లేదు. కాబట్టి వివరణ ఆ పని చేయాలి:

```
<img src="images/orion.jpg" alt="ఓరియన్ పటం, ఉత్తరం పైన. మధ్యలో దగ్గరదగ్గరగా
మూడు నక్షత్రాలు ఒకే వరసలో. వరసకు పైన ఎడమవైపు ఎర్రటి బీటెల్‌జూస్, కింద
కుడివైపు నీలి తెలుపు రైజెల్. వరసను ఎడమకి కిందికి పొడిగించిన బాణం
సిరియస్‌ను, కుడికి పైకి పొడిగించిన బాణం అల్డెబరాన్‌ను చేరుతుంది."/>
```

క్రమం గమనించండి. ముందు ఇది ఏ పటమో, తర్వాత మొదట పట్టుకోవాల్సిన వరస, దాని చుట్టూ ఉన్నవి, చివరికి బాణాలు. వినేవాళ్లు మధ్యలో ఆగి వెనక్కి వెళ్లకుండా బొమ్మ మనసులో కట్టుకుంటూ పోవాలి. కలిపే గీతలు వదిలేశాను, ఈ పేరాకి వాటితో పనిలేదు. రంగులు ఉంచాను, ఎందుకంటే ఆకాశంలో ఆ రెండు నక్షత్రాల్ని చూపున్నవాళ్లు గుర్తుపట్టేది రంగుతోనే. వేణు గారు పిల్లలకి చెప్పాలన్నారు కదా.

పొడవు గురించి కచ్చితమైన హద్దేమీ లేదు. కానీ ఆల్ట్‌ని స్క్రీన్ రీడర్ ఒక్క ఊపున చదివేస్తుంది, లోపల శీర్షికలూ పేరాలూ పెట్టలేం. ఇది కూడా నా లెక్కలో కాస్త పొడవే.

వేణు_వినికిడి

ఇప్పుడు బొమ్మ కట్టుకోగలిగాను. మూడు నక్షత్రాల గీత ఏటవాలుగా ఉందని, ఒక కొస సిరియస్ వైపు, ఇంకో కొస అల్డెబరాన్ వైపు ఉందని అర్థమైంది. ఒక్క అనుమానం. ఓరియన్ తూర్పున ఉదయిస్తున్నప్పుడు ఈ వరస దాదాపు నిలువుగా ఉంటుందని విన్నాను. పటంలో ఎడమ కుడి చెబితే బయట నిలబడ్డప్పుడు అది సరిపోతుందా?

శారద_ప్రచురణ

మంచి పాయింట్ పట్టుకున్నారు. ఆ ఇబ్బంది పటం చూసేవాళ్లకీ ఉంది. దాన్ని ఆల్ట్‌లో కాకుండా పేరాలోనే అందరికీ చెప్పేస్తాను: ఉదయిస్తున్నప్పుడు వరస నిలువుగా ఉంటుంది, పై కొస పట్టుకుని పైకి వెళ్తే అల్డెబరాన్, కింది కొస పట్టుకుని కిందికి వస్తే సిరియస్.

సుజాత_ఫోటో

నాకు వేరే సందేహం. పుస్తకంలో పాలపుంత ఫోటోలు కూడా ఉంటాయనుకుంటా. అవి పాఠం చెప్పడానికి కాదు, చూసి ఆనందించడానికి. వాటికి ఖాళీ ఆల్ట్ పెడితే సరిపోతుందని ఒక చోట చదివాను. `alt=""` అని పెడితే స్క్రీన్ రీడర్ ఆ బొమ్మని పూర్తిగా దాటేస్తుంది కదా?

వేణు_వినికిడి

దాటేస్తుంది, నిజమే. పేజీ మూలల్లో వేసిన లతలు, శీర్షిక కింద గీసిన అలంకారాలు, వాటికి ఖాళీ ఆల్ట్ కచ్చితంగా పెట్టండి. ఆల్ట్ అసలు రాయకుండా వదిలేయడం వేరు, అప్పుడే ఫైల్ పేరు చదవడం లాంటివి జరుగుతాయి. ఫోటోల విషయంలో నా మటుకు నాకు ఒక్క వాక్యం చాలు. "కొండల మీదుగా పాలపుంత" అంటే చాలు, ముందుకు వెళ్లిపోతాను. పుట్టుకతోనే చూపులేనివాణ్ణి, కాంతి పొరల గురించి నాలుగు వాక్యాలు రాస్తే నాకు దారిలో అడ్డం పడినట్టుంటుంది.

లక్ష్మణ్_పాఠకుడు

నేను ఒప్పుకోనండీ. నాకు చూపు నడివయసులో పోయింది. పాలపుంత నేను చూశాను. ఎవరైనా ఆ ఫోటోలో వెలుగు ఎక్కడ చిక్కగా ఉందో, మధ్యలో నల్లటి చీలిక ఎలా సాగిందో రాస్తే నాకు అది మళ్లీ కళ్లముందు నిలబడుతుంది. చూపున్నవాళ్ల ఆనందానికి ఫోటో పెట్టి, మాకు మూడు మాటలు ఇస్తే ఎలా? ఆకాశం పుస్తకంలో పాలపుంత ఫోటోని అలంకారం అనడం నాకు అసలు మింగుడుపడదు.

సుజాత_ఫోటో

మీ ఇద్దరూ చెప్పింది విన్నాక నా ప్రశ్న ఇంకా పెద్దదైంది. ఒకే పుస్తకం, ఇద్దరు పాఠకులు, రెండు వేరు కోరికలు. ఎవరి కోసం రాయాలి?

మాధవి_ఈపబ్

దీనికి నా దగ్గర అందరూ ఒప్పుకునే జవాబు లేదు. నేను చేసేదేమిటంటే, ఆల్ట్‌లో ఒకే వాక్యం పెట్టి, వివరంగా చెప్పేదాన్ని ఫోటో కింద వ్యాఖ్యలో రాస్తాను. వ్యాఖ్య వేరే పేరాగా ఉంటుంది కాబట్టి వేణు గారు ఒక్క బాణం కీతో దాటేయొచ్చు, లక్ష్మణ్ గారు ఆగి వినొచ్చు. ఆల్ట్‌లో చెప్పిందే వ్యాఖ్యలో మళ్లీ చెప్పకూడదు, అదే మాట వెంటవెంటనే రెండుసార్లు వినిపిస్తుంది.

లక్ష్మణ్_పాఠకుడు

వ్యాఖ్యలో ఉంటే నాకు అభ్యంతరం లేదు. కానీ చాలా పుస్తకాల్లో వ్యాఖ్య అంటే "ఫోటో సౌజన్యం" అని ఒక్క ముక్కే ఉంటుంది.

చంద్రం_కవి

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నా కవితల పుస్తకం పాతికేళ్ల కిందట అను ఫాంట్లలో డీటీపీ చేయించినది. దాని పీడీఎఫ్ ఉంది, అక్షరాలు ముత్యాల్లా కనబడతాయి. దాన్ని స్క్రీన్ రీడర్‌లో పెడితే ఏదో అరవం కాదు, ఇంగ్లీషూ కాదు, గుర్తులూ అక్షరాలూ కలిపి గొణుగుతోంది. దీనికీ హెడింగులు పెడితే బాగవుతుందా?

రమణ_డీటీపీ

దీనికి నేను చెప్పగలను, ఇదే పనిలో ఉన్నాను కాబట్టి. చంద్రం గారూ, ఆ ఫాంట్ యూనికోడ్ కాదు. తెర మీద "క" కనబడినా, ఫైల్ లోపల ఉన్నది ఏదో ఇంగ్లీష్ అక్షరమో గుర్తో. ఫాంట్ దాని మీద తెలుగు బొమ్మ గీసి చూపిస్తోందంతే. స్క్రీన్ రీడర్ బొమ్మ చూడదు, లోపలున్న గుర్తునే చదువుతుంది. ముందు పీడీఎఫ్ కాకుండా అసలు పేజ్‌మేకర్ ఫైల్ దొరుకుతుందేమో చూడండి. అందులోంచి టెక్స్ట్ తీసి యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి, ఆపైన ప్రూఫ్ చూడాల్సిందే. ఒత్తులూ, అరుదైన సంయుక్తాక్షరాలూ తప్పిపోతాయి. కవిత్వం కాబట్టి లైను విరుపులు కూడా ఒక్కొక్కటీ సరిచూడాలి. హెడింగులు ఆ తర్వాతి సంగతి.

మాధవి_ఈపబ్

రమణ గారు చెప్పిందానికి నేను చేర్చేదేమీ లేదు.

శారద గారూ, బయటికి కనబడని ఒక విషయం మీ పుస్తకంలోనూ చూసుకోండి: భాష. ఈపబ్‌లో `content.opf` అనే ఫైల్‌లో `<dc:language>te</dc:language>` అని ఉండాలి. ప్రతి అధ్యాయం ఫైల్ మొదట్లో కూడా:

```
<html xmlns="http://www.w3.org/1999/xhtml" lang="te" xml:lang="te">
```

అక్కడ పొరపాటున `en` ఉంటే, భాషని బట్టి గొంతు మార్చుకునే సెట్టింగ్ ఉన్నవాళ్లకి ఇంగ్లీష్ గొంతు వచ్చి తెలుగు మీద పడుతుంది.

వేణు_వినికిడి

అవును, అప్పుడు కొన్ని గొంతులు తెలుగుని మొత్తం మింగేసి, మధ్యలో ఉన్న అంకెలు మాత్రమే చదువుతాయి. ఒక పేజీ మొత్తం "3... 12... 4" అని వినబడి అయిపోతుంది. ఫైల్ పాడైందనుకుని మూసేసేవాళ్లు ఎంతమందో.

శారద_ప్రచురణ

చూశాను. ఓపీఎఫ్‌లో తెలుగే ఉంది, రెండు అధ్యాయాల్లో మాత్రం `en-US` ఉంది. వర్డ్‌లో ఆ రెండూ వేరే కంప్యూటర్‌లో కూర్చినవి, బహుశా అక్కడి ప్రూఫింగ్ భాష వచ్చి ఉంటుంది. మార్చేశాను.

ఇక పుస్తకం మొత్తం సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష ఏమైనా ఉందా?

మాధవి_ఈపబ్

డైసీ కన్సార్టియం వాళ్ల ఏస్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. ఈపబ్‌ని అందులో వేస్తే రిపోర్ట్ ఇస్తుంది. అంతకు ముందు ఈపబ్‌చెక్‌లో వేసి ఫైల్‌లో తప్పుల్లేవని చూసుకోండి.

ఏస్ రిపోర్ట్‌లో నేను తప్పుల జాబితా కంటే రెండు ట్యాబులు ఎక్కువ చూస్తాను. అవుట్‌లైన్స్ అనే చోట సూచికనీ, లోపలి శీర్షికల్నీ చూపిస్తుంది. రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. సూచికలో ఉండి లోపల లేనిది ఉంటే ఎక్కడో బోల్డ్ పేరా మిగిలిపోయిందన్న మాట. `h1` తర్వాత `h2` లేకుండా `h3` వస్తే వినేవాళ్లకి మధ్యలో ఏదో తప్పిపోయిందనిపిస్తుంది, అదీ అక్కడే బయటపడుతుంది. ఇమేజెస్ ట్యాబులో ప్రతి బొమ్మా, దాని ఆల్ట్ పక్కపక్కన వస్తాయి. బొమ్మని చేత్తో మూసి, వివరణ మాత్రం చదివి, ఆ అధ్యాయం అర్థమవుతుందో లేదో చూడండి.

ఒకటి గుర్తుంచుకోండి. ఆల్ట్ ఉందా లేదా అని ఏస్ చెప్పగలదు, బాగుందా లేదా అని చెప్పలేదు. నలభై బొమ్మలకీ "చిత్రం" అని రాసినా లోపం లేదనే చూపిస్తుంది.

చివరగా, ఓపీఎఫ్‌లో ఈ వివరాలు చేర్చమని అడుగుతుంది:

```
<meta property="schema:accessMode">textual</meta>
<meta property="schema:accessMode">visual</meta>
<meta property="schema:accessModeSufficient">textual</meta>
<meta property="schema:accessibilityFeature">alternativeText</meta>
<meta property="schema:accessibilityHazard">none</meta>
```

ఇందులో మూడో లైను ఒక మాట ఇవ్వడం లాంటిది. బొమ్మ చూడకుండా, మాటలతోనే పుస్తకం మొత్తం చదవొచ్చని చెబుతున్నారు. అన్ని పటాలకీ పనికొచ్చే వివరణ ఉంటేనే అది పెట్టండి.

రమణ_డీటీపీ

పేజీ నంబర్ల సంగతేంటి? అచ్చు పుస్తకంలో 24వ పేజీ చూడమంటే ఈబుక్‌లో ఎలా?

మాధవి_ఈపబ్

అచ్చు ప్రతి ఉంటే, పేజీ మారే ప్రతిచోటా ఒక గుర్తు పెట్టి, వాటన్నిటికీ విషయసూచిక ఉండే నావ్ ఫైల్‌లో `page-list` కట్టొచ్చు. అప్పుడు "24వ పేజీకి వెళ్లు" అంటే అక్కడికే వెళ్తుంది. తరగతిలో అందరితో కలిసి చదివేవాళ్లకి ఇది చాలా అవసరం. శారద గారిది ఈబుక్ మాత్రమే అయితే ఈ పని పెట్టుకోనక్కర్లేదు. లేని పేజీలకి నంబర్లు కల్పించొద్దు.

శారద_ప్రచురణ

అచ్చు ప్రతి లేదు, ప్రస్తుతానికి వదిలేస్తాను. ఏస్ రిపోర్ట్ వచ్చింది. బోల్డ్‌గా మిగిలిపోయిన ఉపశీర్షికలు రెండు దొరికాయి, సర్దాను. ఒక్క బొమ్మ దగ్గర ఆగిపోయాను. చివరి అధ్యాయంలో ఆకాశం మొత్తం చూపించే పెద్ద పటం ఉంది, దాని మీద యాభై పేర్లకి పైనే ఉన్నాయి. దాన్ని ఆల్ట్‌లో ఎలా ఇరికించను?

మాధవి_ఈపబ్

ఇరికించొద్దు. ఆల్ట్‌లో "శీతాకాలపు పూర్తి ఆకాశపటం, వివరణ కింద ఉంది" అని రాసి, పటం తర్వాత దానికో `h2` పెట్టి మామూలు పాఠంగా రాయండి. తూర్పు ఆకాశం, నడినెత్తి, దక్షిణం అని దిక్కుల వారీగా `h3`లు పెడితే వేణు గారు కావలసిన దిక్కుకి నేరుగా వెళ్తారు. బొమ్మకీ వివరణకీ లోపల ముడిపెట్టే `aria-details` అనే పద్ధతి ఉంది, కానీ అన్ని రీడర్లూ దాన్ని ఒకేలా పట్టించుకోవు. వివరణని అందరికీ కనబడేలా పక్కనే పెట్టడం నమ్మకమైన దారి. చిన్న ఫోన్‌లో ఆ పటం మీది పేర్లు చూపున్నవాళ్లకి కూడా కనబడవు, వాళ్లకీ పనికొస్తుంది.

లక్ష్మణ్_పాఠకుడు

దిక్కుల వారీ ఆలోచన బాగుంది. ప్రతి దిక్కులోనూ అన్నిటికంటే ప్రకాశంగా ఉండేదాన్ని ముందు చెప్పండి, మిగతావి దాని నుంచి లెక్కపెట్టండి.

వేణు_వినికిడి

శారద గారూ, మీరు పంపిన కొత్త నమూనాలో మూడో అధ్యాయం విన్నాను. `H`తో ఐదు ఉపశీర్షికలూ వరసగా వచ్చాయి. బొమ్మ దగ్గర ఒకసారే ఆగాను. ఒక్కటి మిగిలింది: ఫుట్‌నోట్ 4 మీద ఎంటర్ కొడితే నోట్ దగ్గరికి వెళ్లింది కానీ, తిరిగి రావడానికి లింక్ లేదు. అధ్యాయం మొదటికి వెళ్లి మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. మిగతా నోట్లకి ఉంది, ఈ ఒక్కదానికే లేదు.

శారద_ప్రచురణ

దొరికింది. వర్డ్‌లో ఆ ఒక్కటి ఫుట్‌నోట్‌గా చొప్పించలేదు, అంకె టైప్ చేసి పైకెత్తి, లింక్ చేత్తో ఇచ్చారు. తీసేసి సరైన ఫుట్‌నోట్ పెట్టి మళ్లీ కన్వర్ట్ చేస్తున్నాను. చుక్కల బదులు `<hr/>` పెట్టే పని కూడా మళ్లీ చేయాలి, రాసి పెట్టుకున్నాను. పెద్ద పటం వివరణ తూర్పు వైపు నుంచి మొదలుపెట్టాను, పూర్తి కాగానే ఆ అధ్యాయం మీ ఇద్దరికీ పంపుతాను.